తమ్ముడికి ఎంసెట్, నాకు గేట్: సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఏది కొనాలి? 650కి ఇస్తామన్నది అసలుదేనా?

చిత్తూరు_చిన్నోడు
మాది చిత్తూరు. తమ్ముడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ రాస్తాడు. నేను ట్రిపుల్ఈ ఫైనల్ ఇయర్, ఫిబ్రవరిలో గేట్ ఉంది. ఇద్దరికీ చెరొక సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనమని నాన్న డబ్బులిచ్చాడు.

నిన్న తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఒక చిన్న షాపులో అడిగాను. క్యాసియో 991ఈఎస్ ప్లస్ 650 అన్నాడు, రెండు తీసుకుంటే 1200. బిల్లు మాత్రం ఇవ్వడంట. బిల్లు కావాలంటే వేరే రేటంట. "ఒరిజినలే తమ్ముడూ, మద్రాసు సరుకు" అన్నాడు. 100 అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది.

నా ప్రశ్నలు మూడు. ఈ పరీక్షల్లో ఏ మోడల్‌కు పర్మిషన్ ఉంది? 991ఎంఎస్, ఈఎస్ ప్లస్, ఈఎక్స్, సీడబ్ల్యూ అని నాలుగు రకాలు చూపించాడు, వాటిలో మాకు పనికొచ్చేది ఏది? ఒరిజినల్ అని ఎలా తెలుసుకోవాలి?

గేట్_మూడోసారి
మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క. ఏ మోడల్‌కూ లేదు. నీ 100 వెనక్కి తెచ్చుకో.

చిత్తూరు_చిన్నోడు
జోకా అన్నా?

గేట్_మూడోసారి
నిజం. గేట్‌లో స్క్రీన్ మీదే కాలిక్యులేటర్ ఇస్తారు. సొంతది గేటు దాటి లోపలికి పోదు. తమ్ముడి పరీక్షల్లో అదీ ఉండదు, ఉత్త బుర్రే.

కొండకింద_కోడలు
ఈ కాలిక్యులేటర్లను అస్సలు నమ్మొద్దండి. మా పాపకు పోయినేడు 9 వేల ర్యాంకు వస్తుందని చూపించింది. తీరా 23 వేలు వచ్చింది. దాన్ని నమ్మి ఆప్షన్లన్నీ పెద్ద కాలేజీలకే పెట్టి కూర్చున్నాం. రెండో కౌన్సెలింగ్ దాకా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు.

పీలేరు_పిల్ల
అక్కా, మీరు చెప్పేది ర్యాంక్ ప్రెడిక్టర్. ఆయన అడిగేది చేత్తో పట్టుకునే కాలిక్యులేటర్ 😄

కొండకింద_కోడలు
ఓహో. సరే, అది కూడా నమ్మొద్దు.

ఎస్వీ_హాస్టల్_42
@గేట్_మూడోసారి జేఈఈ మెయిన్‌లో ఆన్‌స్క్రీన్ కాలిక్యులేటర్ ఉంటుందని నేను స్వయంగా చదివాను. ఎన్‌టీఏ వాళ్ళ బులెటిన్‌లోనే ఉంది. మా గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా తిరిగింది. కాబట్టి తమ్ముడికి ప్రాక్టీస్‌కు ఒకటి అవసరమే.

పాత_లెక్చరర్
42 గారు చదివింది అబద్ధం కాదు, కానీ అంతటితో ఆగిపోయారు. 2026 జేఈఈ మెయిన్ బులెటిన్‌లో ఆ మాట పడింది. తర్వాత ఎన్‌టీఏనే అది అచ్చు తప్పనీ, ఈ పరీక్షలో కాలిక్యులేటర్ సదుపాయం లేదనీ నోటీసు ఇచ్చింది. స్క్రీన్‌షాట్ తిరిగినంత వేగంగా సవరణ తిరగదు, అదే చిక్కు. అడ్వాన్స్‌డ్‌లో కూడా లేదు. ఈఏపీసెట్‌లో, పాలిటెక్నిక్ పిల్లలు రాసే ఈసెట్‌లో కాలిక్యులేటర్, లాగ్ టేబుల్ రెండూ తేకూడని వస్తువుల జాబితాలోనే ఉంటాయి. హాల్ టికెట్‌తో వచ్చే సూచనల్లో చూడండి.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 3 గంటలకు 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు నిమిషం మీద కొన్ని సెకన్లు. లెక్క పొడుగ్గా ఉంటే ఆ వేళకు తెమలదు కాబట్టి అంకెలు కొట్టివేతకు లొంగేలాగే ఇస్తారు. ఈ ఏడాది తమ్ముడి చేతికి కాలిక్యులేటర్ ఇస్తే 17ని 13తో గుణించడానికి కూడా దాన్నే వెతుక్కుంటాడు. నేను పాతికేళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పాను, ఆ చెయ్యి చాపడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అతనికి సీటు వచ్చాక, కాలేజీ తెరిచాక కొనండి.

చిత్తూరు_చిన్నోడు
సార్, తమ్ముడికి ఇది చదివి వినిపిస్తే ఫోన్ పెట్టేశాడు. వాడి రూమ్‌మేట్లందరి దగ్గరా ఉన్నాయంట.

మామిడితోపు
రూమ్‌మేట్ల దగ్గర బుల్లెట్ బండి ఉంటే అదీ కొంటావా.

చిత్తూరు_చిన్నోడు
సరే, తమ్ముడిది వదిలేద్దాం. నా సంగతి చెప్పండి. గేట్‌లో స్క్రీన్ మీద ఉంటుందని ఇప్పుడు తెలిసింది, కానీ ఇంట్లో ప్రాక్టీస్‌కు చేతిలో ఒకటి ఉండాలి కదా? నా దగ్గరున్న 991ఎంఎస్‌లో 5, 8 కీలు సరిగ్గా పడటం లేదు.

గేట్_మూడోసారి
అక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. కొంచెం పొడుగ్గా చెప్తాను.

నేనూ ట్రిపుల్ఈనే. నాలుగేళ్ళు 991ఈఎస్ ప్లస్ వాడాను, కళ్ళు మూసుకుని కూడా నొక్కగలను. కాంప్లెక్స్ మోడ్ నాకు ప్రాణం. ఉదాహరణకు 3+j4 ఓమ్‌ల ఇంపెడెన్స్, 6−j8 ఓమ్‌ల ఇంపెడెన్స్ సమాంతరంగా ఉన్నాయి, మొత్తం ఎంత అని అడిగారనుకో. నా ఈఎస్ ప్లస్‌లో మోడ్ 2 పెట్టి ఉన్నదున్నట్టు కొట్టేవాణ్ణి:

```
(3+4i)(6-8i)÷((3+4i)+(6-8i))
```

4.639+2.062i అని వచ్చేస్తుంది. SHIFT 2, 3, = నొక్కితే 5.077∠23.96. పదిహేను సెకన్లు పట్టదు.

గేట్ స్క్రీన్ మీద ఉండే దాంట్లో i అనే బటనే లేదు. మాట్రిక్స్ లేదు, ఈక్వేషన్ సాల్వర్ లేదు, ఇంటిగ్రేషన్ లేదు, భిన్నం భిన్నంలా కనపడదు. sin, cos, లాగ్, వర్గమూలం, x^y, ఫ్యాక్టోరియల్, మెమరీ బటన్లు, అంతే. కీబోర్డు పనిచేయదు, ప్రతి అంకె మౌస్‌తో నొక్కాలి. ఆ పెట్టె సరిగ్గా ప్రశ్న మీదే తెరుచుకుంటుంది, పక్కకు లాక్కోవాలి.

కాబట్టి పై లెక్క అక్కడ చేయాలంటే దారి మార్చాలి. మొదటిదాని పరిమాణం 5, కోణం 53.13. రెండోదాని పరిమాణం 10, కోణం −53.13. లబ్ధం 50, కోణం సున్నా. ఇదంతా బుర్రలోనే అయిపోతుంది. మొత్తం 9−j4, దాని పరిమాణం √97. ఇక మౌస్‌తో చేయాల్సింది 50/√97 ఒక్కటే, జవాబు 5.08. కోణం కావాలంటే 4/9కి tan⁻¹, 23.96 డిగ్రీలు.

అంటే చేతి కాలిక్యులేటర్‌తో ప్రాక్టీస్ చేస్తే నీకు 3-4-5 త్రిభుజం కనపడటమే మానేస్తుంది. నాకు కనపడలేదు. పరీక్షలో i కోసం వెతికి, లేదని అర్థమై, a+jb గుణకారాలు మొత్తం స్క్రిబుల్ ప్యాడ్ మీద చేశాను. మూడు గంటల్లో 65 ప్రశ్నలకు ఆ పని చేస్తే ఏమవుతుందో నా పేరు చూస్తే తెలుస్తుంది.

పీలేరు_పిల్ల
అన్నా, పేరు ఇప్పుడు అర్థమైంది 😔

ఎస్వీ_హాస్టల్_42
అందులో tan⁻¹ కూడా తప్పు చూపిస్తుంది. మాక్ టెస్ట్‌లో 4/9కి tan⁻¹ కొడితే 0.0478 వచ్చింది. 23.96 రావాలి. సాఫ్ట్‌వేరే సరిగ్గా లేదు.

గేట్_మూడోసారి
సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. నువ్వు 4, /, 9 నొక్కి వెంటనే tan⁻¹ నొక్కావు. అది చివర ఉన్న 9కి మాత్రమే tan⁻¹ తీసింది, 83.66. ఆ తర్వాత 4ని దాంతో భాగించింది. ముందు = నొక్కి 0.4444 రానివ్వాలి, తర్వాత tan⁻¹ నొక్కాలి. మన చేతి కాలిక్యులేటర్‌లో ఫంక్షన్ ముందు, అంకె తర్వాత. ఇక్కడ అంకె ముందు, ఫంక్షన్ తర్వాత. sin ముందు నొక్కి 30 కొడితే కూడా ఇలాగే అవుతుంది.

ఎస్వీ_హాస్టల్_42
ఇప్పుడే మళ్ళీ చేసి చూశాను. 23.96 వచ్చింది. సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరైనా అలా డిజైన్ చేస్తారా?

పాత_లెక్చరర్
ఇంకొక చిన్నది. అనునాద పౌనఃపున్యం లెక్కల్లో 1/2π వస్తుంటుంది. ఈఎస్ ప్లస్‌లో `1÷2π` అని ఒకే వరుసలో కొడితే గుణకారం గుర్తు లేదు కాబట్టి 2πని ఒక ముద్దగా తీసుకుని 0.159 ఇస్తుంది. అదే `1÷2×π` అని కొడితే 1.571. స్క్రీన్ మీది దాంట్లో గుణకారం గుర్తు పెట్టక తప్పదు, కాబట్టి బ్రాకెట్ కూడా తప్పనిసరి. ఈ అలవాటుతో పోయేవాళ్ళు జవాబు పదింతలు తేడాగా రాస్తారు. గేట్‌లో అంకె టైపు చేసే ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు కాబట్టి తప్పు పట్టించే దిక్కు కూడా ఉండదు.

చిత్తూరు_చిన్నోడు
అంటే నేను కూడా కొనక్కర్లేదా? నాన్న ఇచ్చిన డబ్బుతో బిర్యానీ తినేయాలా?

మామిడితోపు
ఈ థ్రెడ్‌లో వచ్చిన మొదటి మంచి ఆలోచన.

ట్రిపుల్ఈ_సీనియర్
కొనాలి, కానీ గేట్ కోసం కాదు. నీకు ఇంకా ఒక సెమిస్టర్ ఉంది కదా. సెమిస్టర్ పరీక్షల్లో, ల్యాబుల్లో చేతిదే దిక్కు. ఇంకోటి, నేను యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ రాశాను. దాని ప్రిలిమ్స్‌లో కాలిక్యులేటర్ లేదు. మెయిన్స్‌లో మూడేసి గంటల పేపర్లు రెండు ఉంటాయి, చేత్తో రాయాలి. అక్కడ ప్రోగ్రామబుల్ కాని కాలిక్యులేటర్ మనమే తీసుకెళ్ళాలి. హాల్లో పక్కవాడిది అడగడానికి వీల్లేదని సూచనల్లోనే ఉంటుంది. నీ 5, 8 కీల యంత్రంతో అక్కడికి పోయావంటే ఇక దేవుడే దిక్కు.

చిత్తూరు_చిన్నోడు
ఈఎస్‌ఈ రాసే ఆలోచన ఉంది. అయితే ప్రోగ్రామబుల్ అంటే ఏది? 991ఈఎస్ ప్లస్‌లో SOLVE, CALC ఉన్నాయి, అవి ప్రోగ్రామింగ్ కిందికి వస్తాయా? మా కాలేజీలో ఒక ఇన్విజిలేటర్ ఈఎస్ ప్లస్‌ను కూడా పక్కన పెట్టించాడు.

పాత_లెక్చరర్
రావు. ప్రోగ్రామబుల్ అంటే మీరు రాసిన సూచనల వరుసను దాచిపెట్టుకుని, తర్వాత ఒక్క కీతో నడిపేది. క్యాసియోలో 3650పీ, 5800పీ అలాంటివి. పేరు చివర పీ కనిపిస్తే కొనకండి. గ్రాఫ్ గీసేవీ వద్దు. 991 పేరున్నవి ఏవీ ప్రోగ్రామబుల్ కావు. CALC ఒక సూత్రాన్ని తెర మీద ఉన్నంతసేపే పట్టుకుంటుంది. ఆపేస్తే పోతుంది.

అయితే హాల్లో నిర్ణయం ఇన్విజిలేటర్‌ది. కొన్ని కాలేజీలు "991ఎంఎస్ వరకే" అని సర్క్యులర్ పెడతాయి. దాని వెనక పెద్ద తర్కం ఉందనుకోను. ఎంఎస్‌లో కూడా కాంప్లెక్స్, మాట్రిక్స్, ఇంటిగ్రేషన్ అన్నీ ఉన్నాయి, పుస్తకంలోలాగా భిన్నం కిందా పైనా చూపించదు, అదే ముఖ్యమైన తేడా. కొనేముందు మీ కాలేజీ ఎగ్జామ్ సెల్‌లో అడిగి, వీలైతే సర్క్యులర్‌ను ఫోటో తీసుకోండి.

పీలేరు_పిల్ల
మా కాలేజీలో సర్క్యులర్ లేదు, ఒక్కొక్క సార్ ఒక్కొక్కటి చెప్తారు. ఒకరోజు ఈఎక్స్ ఓకే, మరుసటి రోజు అదే ఈఎక్స్ "ఇందులో క్యూఆర్ వస్తుంది" అని తీసేసుకున్నారు. చివరికి ఎంఎస్ కూడా బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను.

చిత్తూరు_చిన్నోడు
షాపువాడు 991సీడబ్ల్యూ కొత్తదని, అదే తీసుకోమని తెగ చెప్పాడు.

ట్రిపుల్ఈ_సీనియర్
మన బ్రాంచ్‌కు నేను వద్దంటాను. తెర చాలా బాగుంటుంది, కాదనను. కానీ పోలార్ నుంచి రెక్టాంగ్యులర్‌కు మార్చడం లాంటివి మెనూ లోపల కేటలాగ్‌లోకి వెళ్ళి వెతకాలి. ఈఎస్ ప్లస్‌లో ఒక SHIFT దూరం. ఈఎక్స్‌లో నాలుగు చరరాశుల సమీకరణాలు కూడా చేయొచ్చు, ఈఎస్ ప్లస్‌లో మూడు దాకానే. నాకు నాలుగు ఎప్పుడూ అవసరం పడలేదు.

పీలేరు_పిల్ల
నేను సీడబ్ల్యూనే వాడుతున్నాను, రెండు వారాల్లో అలవాటైపోయింది. పాత చేతివాళ్ళకే కష్టం.

ట్రిపుల్ఈ_సీనియర్
పాత చెయ్యి అన్నావు, సరే. నీ ఎంఎస్ ఎందుకు బ్యాగులో ఉంది మరి?

పీలేరు_పిల్ల
😶

చిత్తూరు_చిన్నోడు
ఈఎస్ ప్లస్ అని ఫిక్స్ అయ్యాను. ఇక అసలు సంగతి. 650ది ఒరిజినలా?

మామిడితోపు
సింపుల్. పైన సోలార్ ప్యానెల్‌ను బొటనవేలితో మూసెయ్. తెర మసకబారితే ఒరిజినల్, బారకపోతే డమ్మీ ప్యానెల్. నేను మా మేనల్లుడికి ఇలాగే చూసి కొన్నాను.

బిల్లులేనిదే_కొనను
@మామిడితోపు అన్నా, అది తలకిందులు. 991ఈఎస్ ప్లస్ సోలార్‌తోనూ, లోపలున్న ఎల్‌ఆర్44 బటన్ సెల్‌తోనూ నడుస్తుంది. సెల్ బాగుంటే ప్యానెల్ మూసినా ఏమీ కాదు. మూసినప్పుడు తెర మసకబారిందంటే లోపల సెల్ అయిపోయిందని అర్థం. మీ మేనల్లుడికి ఎన్నేళ్ళో షెల్ఫ్‌లో పడి ఉన్న పీసు వచ్చి ఉంటుంది. ప్యానెల్ డమ్మీనా కాదా తెలియాలంటే స్క్రూలు విప్పి సెల్ తీసి వెలుతురులో పెట్టి చూడాలి. ఏ షాపువాడూ కౌంటర్ మీద ఆ పని చేయనివ్వడు.

మామిడితోపు
అందుకేనా వాడు ట్యూబ్‌లైట్ కిందే కూర్చుని చదువుతాడు!

బిల్లులేనిదే_కొనను
నాకు తిరుపతిలో స్టేషనరీ వ్యాపారం ఉంది. ఎక్కడో చెప్పను, ప్రచారం అనుకుంటారు. బయట తిరిగే సరుకు రెండు రకాలు కాదు, మూడు రకాలు.

ఒకటి, మన దేశంలో అమ్మడానికి దిగుమతి అయినది. దాని బాక్సు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉన్న లేబుల్ ఉంటుంది. ఇది కంపెనీ మర్యాద కాదు, తూనికలు కొలతల చట్టం. రెండోది, నిజంగా కంపెనీ చేసిందే కానీ వేరే దేశానికి ఉద్దేశించినది, ఎవరో మూటగట్టి తెచ్చినది. యంత్రం బాగానే పనిచేస్తుంది, కానీ ఆ లేబుల్ ఉండదు, ఇక్కడ వారంటీ రాదు. మూడోది పచ్చి నకిలీ. నీకు "మద్రాసు సరుకు" అన్నవాడు రెండోది అమ్ముతున్నాడో మూడోది అమ్ముతున్నాడో వాడికే తెలియకపోవచ్చు.

షాపులో చేయగలిగేది ఇది. బాక్సు తెరిపించి, లోపలి యంత్రం మీద మోడల్ పేరు, బాక్సు మీద మోడల్ పేరు ఒకటేనా చూడు. ఈఎస్ ప్లస్ బాక్సులో ఎంఎస్ కవరు పెట్టినవి నేను చూశాను. కీల మీద అక్షరాలను గోటితో గీకు, నకిలీవాటిలో తొందరగా లేస్తాయి. తర్వాత ఒక లెక్క చెయ్:

```
π - 3.141592653
```

ఈఎస్ ప్లస్ లోపల π విలువను 15 అంకెల దాకా పట్టుకుంటుంది, తెర మీద 10 చూపిస్తుంది. కాబట్టి 5.898×10⁻¹⁰ రావాలి. సున్నా వచ్చినా, ఇంకేదో వచ్చినా ఆ యంత్రాన్ని కౌంటర్ మీదే వదిలెయ్.

ఎస్వీ_హాస్టల్_42
SHIFT, 7 పట్టుకుని ON నొక్కితే డయాగ్నోస్టిక్ అని వస్తుంది. అది వస్తే ఒరిజినల్. దీనికి మించిన టెస్ట్ లేదు.

బిల్లులేనిదే_కొనను
వస్తుంది. కానీ అది రాకపోతే అనుమానించడానికి పనికొస్తుంది, వస్తే నమ్మడానికి చాలదు. మూటగట్టి తెచ్చిన రెండో రకంలో కూడా వస్తుంది కదా. పై π లెక్క సంగతీ అంతే. మంచి చిప్ పెట్టిన నకిలీ దాన్నీ దాటొచ్చు. వచ్చిన ఉపయోగం వేరే: ఆ పరీక్ష సాగుతుండగా తెర మొత్తం నల్లబడుతుంది, ఎక్కడైనా చుక్క చచ్చిపోయి ఉంటే కనపడుతుంది. తర్వాత ప్రతి కీనీ వరుసగా నొక్కించి పరీక్షిస్తుంది. నీ ఎంఎస్‌లో 5, 8 పడని బాధ కొత్తదాంట్లో ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

అసలైన పరీక్ష బిల్లే. బిల్లు మీద జీఎస్‌టీ నంబరు 15 అక్షరాలు. మన రాష్ట్రంలో రిజిస్టర్ అయిన షాపుదైతే 37తో మొదలవుతుంది. 33తో మొదలైతే తమిళనాడుది. జీఎస్‌టీ పోర్టల్‌లో `Search Taxpayer` అనే చోట ఆ నంబరు కొడితే పేరు, చిరునామా, ఇప్పుడు నడుస్తోందో రద్దయిందో చూపిస్తుంది. నువ్వు నిలబడిన షాపు పేరే రావాలి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకో.

మామిడితోపు
మా ఊళ్ళో పుస్తకాల షాపాయనకు జీఎస్‌టీ నంబరే లేదు. అంటే ఆయన దొంగా? నలభై ఏళ్ళుగా పలకా బలపం దగ్గర్నుంచి ఆయన దగ్గరే.

బిల్లులేనిదే_కొనను
కాదన్నా. టర్నోవర్ తక్కువగా ఉంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆయన మామూలు బిల్లు ఇచ్చినా తప్పు కాదు. అప్పుడు బాక్సు మీది లేబుల్, వారంటీ కార్డు చూసుకోవాలి. కానీ "బిల్లు కావాలంటే వేరే రేటు" అన్నవాడి సంగతి వేరు.

కొండకింద_కోడలు
ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

పీలేరు_పిల్ల
ఉంటుంది అక్కా. నా ఫ్రెండ్‌కు ఆన్‌లైన్‌లో వచ్చినదాని మీద CASIO బదులు CASINO అని ఉంది. జూదం ఆడటానికి తప్ప దేనికీ పనికిరాదని క్లాసంతా ఏడిపించారు. ఆ సైట్లో అమ్మినవాడి పేరు వేరే, రివ్యూలు వేరే వస్తువువి.

బిల్లులేనిదే_కొనను
ఆన్‌లైన్ అయినా అమ్మేవాడి పేరు ఎవరిదో చూడాలి, బిల్లు కూడా ఆ పేరు మీదే రావాలి. నా వ్యాపారం కాబట్టి షాపులోనే కొనమంటాను అనుకుంటారు, అనుకోండి. కీలు నొక్కి చూసి కొనే వస్తువు ఇది.

చిత్తూరు_చిన్నోడు
అప్‌డేట్. ఈరోజు మళ్ళీ తిరుపతి వెళ్ళాను. ముందు ఆ 650 షాపు. బాక్సు చూపించమన్నాను. లేబుల్ లేదు. దిగుమతిదారు పేరు లేదు, ఎంఆర్‌పీ స్టిక్కర్ మాత్రం విడిగా అంటించి ఉంది, కొంచెం వంకరగా. π లెక్క కొట్టాను, 5.898×10⁻¹⁰ సరిగ్గానే వచ్చింది! కీలు కూడా బాగున్నాయి. కాబట్టి బహుశా మీరు చెప్పిన రెండో రకం. వారంటీ గురించి అడిగితే "నేనున్నా కదా తమ్ముడూ" అన్నాడు. 100 అడిగితే "అడ్వాన్స్ వెనక్కి ఇవ్వను, ఏదైనా తీసుకో" అన్నాడు. రెండు లాంగ్ నోట్‌బుక్కులు, ఒక స్కేలు తెచ్చుకున్నాను.

తర్వాత బజార్ వీధిలో ఇంకో షాపులో బిల్లుతో ఈఎస్ ప్లస్ తీసుకున్నాను. నంబరు 37తోనే ఉంది, పోర్టల్‌లో షాపు పేరే వచ్చింది. లేబుల్ ఉంది. వారంటీ కార్డు మీద ముద్ర వేశాడు, తేదీ మాత్రం నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. దాదాపు రెండింతలు అయింది.

మామిడితోపు
650ది కూడా సరిగ్గానే పనిచేసింది కదా. అంటే ఒక ఉత్త కాగితానికి అంత ఎక్కువ ఇచ్చావు.

ట్రిపుల్ఈ_సీనియర్
ఈఎస్‌ఈ మెయిన్స్ ముందు రోజు రాత్రి తెర ఆగిపోతే ఆ కాగితం విలువ తెలుస్తుంది.

మామిడితోపు
ముందు రోజు రాత్రి వారంటీ సెంటర్ తెరిచి ఉంటుందా సీనియరూ? ఆ డబ్బుతో 650వి రెండు కొనుక్కుని ఒకటి స్పేర్‌గా పెట్టుకుంటే?

ట్రిపుల్ఈ_సీనియర్
ఈ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. స్పేర్ ఎలాగూ ఉండాలి.

గేట్_మూడోసారి
@చిత్తూరు_చిన్నోడు కొన్నావు, మంచిది. ఇప్పుడు దాన్ని ఫిబ్రవరి దాకా బీరువాలో పెట్టు. గేట్ సైట్‌లో మాక్ టెస్ట్ తెరిచి రోజూ ఆ స్క్రీన్ మీది దాంతోనే చెయ్. 50/√97ని ఒక్క వరుసలో కొట్టడం రావాలి: 5, 0, /, 9, 7, √, =. మధ్యలో √97ని 9.8 అని రాసుకుని భాగించావంటే 5.10 వస్తుంది, రెండు దశాంశాలు అడిగినచోట మార్కు పోయినట్టే.

చిత్తూరు_చిన్నోడు
ఇప్పుడే చేశాను, 5.0767 వచ్చింది. కొత్తది బీరువాలో పెట్టాను. తాళం నాన్న దగ్గర.

ఒక్క సందేహం మిగిలింది. మా కాలేజీ ఎగ్జామ్ సెల్‌లో అడిగితే "ఈఎస్ ప్లస్ ఓకే" అన్నారు, సర్క్యులర్ మాత్రం లేదంట. ఆ పాత ఇన్విజిలేటరే మళ్ళీ వస్తే?

పీలేరు_పిల్ల
నాలాగా ఎంఎస్ కూడా బ్యాగులో పెట్టుకో. 5, 8 లేని సమాధానాలు వచ్చే ప్రశ్నలే రాయి.

పాత_లెక్చరర్
ఓకే అన్నది ఎవరో వారి చేత ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. ఇస్తారో లేదో చూడండి, ఇక్కడ చెప్పండి.

చిత్తూరు_చిన్నోడు
సోమవారం అడుగుతాను సార్.